ఫుల్ సైజు బోర్డు కొంటే అన్ని కార్డులూ పడతాయా? ఒక గోడ కాగితానికి జవాబు

ఈమధ్య గుడివాడలో ఒక కంప్యూటర్ షాపుకి పనిమీద వెళ్తే కౌంటర్ వెనక గోడకు అంటించిన కాగితం కనబడింది. "మదర్‌బోర్డు కొనేముందు తెలుసుకోండి" అని పైన పెద్దక్షరాలు. కింద నాలుగు ముక్కలు. ఫుల్ సైజు బోర్డు కొంటే అన్ని రకాల కార్డులూ పడతాయట. మైక్రో బోర్డు తక్కువ రకమట, త్వరగా పోతుందట. మినీ బోర్డు ఇంట్లో సినిమాలు చూసుకోవడానికి తప్ప పనికిరాదట. ఏ సైజు బోర్డుకి ఆ సైజు క్యాబినెట్టే కొనాలట, ఒకదాంట్లో ఇంకొకటి పట్టదట. నెల తిరక్కుండా అదే కాగితం జిరాక్సు బందరులో ఒకచోట, అవనిగడ్డలో ఒకచోట చూశాను. ఎవరు రాశారో నేనడగలేదు. రాసినవాళ్ళ మీద నాకు కోపం లేదు, రాసిందాని మీదే ఉంది. నాలుగు ముక్కల్లో ఒక్కటీ నిలబడదు. అందులోనూ మొదటిది నమ్మి నాకు తెలిసిన ఒకాయన రెండుసార్లు డబ్బు పోసుకున్నాడు. అందుకే ఈ జవాబు.

ముందు కొలతలు చెప్పుకుందాం, ఎందుకంటే తగాదా అంతా వాటి దగ్గరే ఉంది. మనవాళ్ళు ఫుల్ సైజు అనేది ఏటీఎక్స్. 1995లో ఇంటెల్ తెచ్చిన కొలత అది. నిలువు 305 మిల్లీమీటర్లు, అడ్డం 244. మైక్రో అంటే మైక్రో ఏటీఎక్స్, 1997 చివర్లో వచ్చింది. నిలువూ అడ్డమూ రెండూ 244కి మించవు. మినీ అంటే మినీ ఐటీఎక్స్, 2001లో తైవాన్ కంపెనీ వియా పెట్టిన కొలత, రెండు వైపులా 170. కార్డు గుచ్చే స్లాటుకీ పక్క స్లాటుకీ మధ్య దూరం మాత్రం ఫుల్ సైజులోనూ మైక్రోలోనూ ఒకటే, 20 మిల్లీమీటర్ల పైన ఓ పిసరు. ఇప్పుడు ఒక్క తీసివేత చేయండి. 305లోంచి 244 పోతే 61. అంటే సరిగ్గా మూడు స్లాట్ల చోటు. ఫుల్ సైజులో ఏడు స్లాట్లు పట్టేచోట మైక్రోలో నాలుగు ఎందుకు పడతాయో ఈ లెక్కే చెప్తుంది. ఫుల్ సైజు బోర్డుకి అడుగున మూడు స్లాట్ల పట్టీ కోసేస్తే మిగిలేది మైక్రో. మినీలో ఒక్కటే స్లాటు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఏడు, నాలుగు, ఒకటి అనేవి చోటు లెక్కలు. అంతమందికి పందిరి వేశారని చెప్తాయే గాని, విస్తట్లో ఏం వడ్డించారో చెప్పవు. ఏడు స్లాట్ల చోటున్న బోర్డు మీద కంపెనీ మూడే బిగించొచ్చు, ఆ మూడూ మీకు కావాల్సిన రకం కాకపోవచ్చు. గోడ కాగితం తప్పంతా ఈ రెండిటినీ కలిపేయడంలో ఉంది.

సంగతేం జరిగిందో చెప్తాను. గుడివాడ దాటాక రోడ్డు పక్కన తలుపుల మీద లతలు, లక్ష్మీదేవి బొమ్మలు చెక్కే సీఎన్‌సీ మెషీన్ ఉన్న వర్క్‌షాపు ఒకటుంది. ఆ మెషీన్ ఎన్‌సీస్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది. కంప్యూటర్ లోపల ఒక కార్డు ఉంటుంది, దాని వెనకనుంచి కేబుల్ వెళ్ళి మెషీన్ కరెంటు పెట్టెలో కలుస్తుంది. రౌటర్ ఎటు కదలాలో, ఎంత లోతుకి దిగాలో అంతా ఆ కార్డే చెప్తుంది. అది పీసీఐ కార్డు. గ్రాఫిక్స్ కార్డు పెట్టుకునే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కాదు, దానికి ముందుతరం పాత పీసీఐ. రెండిటి పేర్లూ దగ్గరగా ఉన్నాయని చాలామంది ఒకటే అనుకుంటారు. వాటి చుట్టరికం పేరులోనే. పళ్ళ ఎడం వేరు, మధ్యలో గాడి ఉండే చోటు వేరు, ఎక్స్‌ప్రెస్ స్లాటులో పాత పీసీఐ కార్డు దిగదు.

ఒకనాడు పిడుగులాంటి ఉరుముతో వాన పడి, కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ లేవలేదు. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. అది జీ41 చిప్‌సెట్ మైక్రో బోర్డు, దాని మీద పాత పీసీఐ స్లాట్లు రెండున్నాయి. ఆయన బోర్డు కోసం వెళ్ళాడు, గోడ మీద కాగితం చదివాడు. "అన్ని కార్డులూ పడతాయి" అని ఉంది కదా అని సరికొత్త ఫుల్ సైజు బోర్డు తీసుకున్నాడు. దానికి పాత ప్రాసెసర్ పట్టదు కాబట్టి కొత్త ప్రాసెసరు, కొత్త ర్యామ్. తీరా ఇంటికొచ్చి చూస్తే ఉన్న క్యాబినెట్ మైక్రోది. అడుగున ఆ 61 మిల్లీమీటర్లు పట్టక బోర్డు ఎస్‌ఎంపీఎస్‌కి తగిలింది. మళ్ళీ వెళ్ళి పెద్ద క్యాబినెట్ తెచ్చాడు. అన్నీ బిగించాక నాకు ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, పెద్ద బోర్డే తెచ్చాను. కార్డు దిగట్లేదు. కొంచెం గట్టిగా నొక్కేదా?"

"వద్దన్నయ్యా, చెయ్యి తీసెయ్. వస్తున్నా."

వెళ్ళి చూస్తే బోర్డు మీద నల్లటి పొడుగు స్లాట్లు మూడు, చిన్నవి రెండు. ఐదూ పీసీఐ ఎక్స్‌ప్రెస్. పాత పీసీఐ ఒక్కటీ లేదు. ఆయన కార్డు పట్టుకుని ఐదింటి మీదా పెట్టి చూస్తున్నాడు, దిగేదానికి దిగుతుందన్నట్టు. ఆ బోర్డు మీద ఇంకో పది స్లాట్లున్నా దిగదు.

ఇది బోర్డు పొడుగు గొడవ కాదు, కాలం గొడవ. పీసీఐ 1990ల మొదట్లో పుట్టింది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ బోర్డుల మీదికి వచ్చింది 2004లో. కొన్నేళ్ళు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. 2011లో ఇంటెల్ ఆరో సిరీస్ చిప్‌సెట్లు వచ్చేసరికి ఇళ్ళల్లో వాడే రకాల్లోంచి పాత పీసీఐని పీకేశారు. హెచ్61 అలాంటిదే. ఆఫీసులకు అమ్మే క్యూ67, ఆ తర్వాత తరంలో బీ75, క్యూ77 లాంటివాటిల్లో మాత్రం ఉంచారు. చిప్‌సెట్‌లో లేకపోయినా కొన్ని కంపెనీలు పక్కన ఇంకో చిన్న చిప్పు, బ్రిడ్జి అంటారు, పెట్టి పీసీఐ స్లాటు ఇచ్చాయి. కాబట్టి స్లాటు కనబడినా అది సూటిగా చిప్‌సెట్‌కి కలిసిందా, బ్రిడ్జి మీదుగా వచ్చిందా అన్నది చూసుకోవాలి. సౌండ్ కార్డులాంటివి బ్రిడ్జి మీద బాగానే నడుస్తాయి. మెషీన్ని కదిలించే కార్డులు కొన్ని నడుస్తాయి, కొన్ని మొరాయిస్తాయి. ఎక్స్‌ప్రెస్ స్లాటులో గుచ్చి పైన పీసీఐ ఇచ్చే అడాప్టర్లు దొరుకుతాయి, అవీ బ్రిడ్జి చిప్పులే, అదే సందేహం వాటికీ వర్తిస్తుంది.

చివరికి ఆ వర్క్‌షాపుకి దొరికిన మందు ఏమిటంటే, విజయవాడలో తెచ్చిన పాత మైక్రో బోర్డు. మళ్ళీ జీ41దే. పాత ప్రాసెసర్ బతికే ఉంది, అదే పెట్టాం. కార్డుకి రాసిన డ్రైవరు విండోస్ ఎక్స్‌పీ కాలం నాటిది, ఆ బోర్డుకి ఎక్స్‌పీ డ్రైవర్లు ఉన్నాయి కాబట్టి అక్కడా పేచీ రాలేదు. అమ్మినాయన దగ్గర ముందే మాట తీసుకున్నాం: మెషీన్ కదిలాకే లెక్క ఖాయం, లేకపోతే బోర్డు వెనక్కి. డివైస్ మేనేజర్‌లో కార్డు కనబడితే చాలదు. కట్టర్ పీకేసి, చెక్క లేకుండా, ఒక పూర్తి డిజైను గాలిలో నడిపించాం. మొదలుపెట్టిన చోటికే రౌటర్ తిరిగొచ్చి ఆగింది. దారిలో అడుగులు తప్పితే అక్కడికి రాదు, పక్కకి జరిగి ఆగుతుంది. తేడా కంటికి అనుమానంగా ఉంటే కింద కాగితం పెట్టి, కట్టర్ బదులు పెన్సిల్ కట్టి గీయించి చూడొచ్చు.

ఇంతకీ కొత్త ఫుల్ సైజు బోర్డేమైంది? వాళ్ళబ్బాయి చదువుకి వాడుతున్నాడు. పిల్లాడికి దాంతో ఏ ఇబ్బందీ లేదు. బోర్డు మంచిదే మరి. ఆ పనికి కాదు, అంతే.

ఇలాంటి పాత కార్డు మీద బతికే మెషీన్ మీదగ్గరుంటే, కంప్యూటర్ పోయాక కాదు, నడుస్తుండగానే బోర్డు పేరు రాసి పెట్టుకోండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొడితే కంపెనీ పేరు, మోడల్ రెండూ వస్తాయి.

```
wmic baseboard get manufacturer,product
```

కొత్త విండోస్ 11లో ఈ కమాండ్ లేకపోవచ్చు, కానీ మనం మాట్లాడుకుంటున్న మెషీన్లమీద ఉండేది పాత విండోసే. కంప్యూటర్ లేవకపోతే క్యాబినెట్ పక్క తలుపు తీసి చూడండి, సాధారణంగా స్లాట్ల మధ్యనో ప్రాసెసర్ పక్కనో మోడల్ పేరు అచ్చువేసి ఉంటుంది. ఆ పేరుతో కంపెనీ ఇచ్చే లెక్కల కాగితం దొరుకుతుంది. అందులో స్లాట్ల వరుస చూడాలి తప్ప సైజు వరుస కాదు.

మైక్రో తక్కువ రకం, త్వరగా పోతుంది అన్న రెండో ముక్కకు జవాబు చిన్నదే. బోర్డు బతుకు దాని కొలతలో ఉండదు. ప్రాసెసర్‌కి కరెంటిచ్చే భాగం ఎలా కట్టారు, దాని మీద వేడి లాగే రేకు ఉందా, కెపాసిటర్లు ఏ రకం అన్నవాటిలో ఉంటుంది. అవి బాగున్న మైక్రోలున్నాయి, పిసినారితనం చేసిన ఫుల్ సైజులున్నాయి. అయితే ఈ మాట పుట్టడానికి ఒక కారణం ఉంది, అది ఒప్పుకుంటాను. మైక్రో పేరుతో మన బజారులో తిరిగే చవక బోర్డులు చాలావరకు 244 వెడల్పు ఉండవు. కుడివైపు కోసేసి 190కి, 170కి కుదించేస్తారు. అలా కోసినప్పుడు కుడి అంచున ఉండాల్సిన స్క్రూ చిల్లులు కూడా పోతాయి. బోర్డు ఆ వైపు గాలిలో వేలాడుతుంటుంది. సరిగ్గా ఆ అంచునే ర్యామ్ గుచ్చాలి, ఇరవైనాలుగు పిన్నుల పెద్ద కరెంటు ప్లగ్గు నొక్కాలి. బలంగా నొక్కితే బోర్డు వంగుతుంది. పదిసార్లు వంగితే లోపలి గీతలు తెగి, ఒకరోజు లేచి ఒకరోజు లేవని కంప్యూటర్ తయారవుతుంది. ర్యామ్ నొక్కేటప్పుడు అడుగున వేలు ఆనించండి, లేదా బిగించకముందే బల్లమీద ర్యామ్ గుచ్చేయండి. తప్పు మైక్రో అన్న కొలతది కాదు, ఆ కొలతలోంచి కూడా కోసేసినవాళ్ళది.

మూడో ముక్కలో "మినీ" అన్న మాటే ఒక తిరకాసు. బందరులో మినీ బోర్డు కావాలని అడిగితే ముగ్గురు మూడు వస్తువులు ఇస్తారు. ఒకరు పైన చెప్పిన కోసేసిన మైక్రో తీసిస్తారు. ఒకరు నిజమైన 170 కొలత బోర్డు తీస్తారు. ఇంకొకరు అరచేతంత మినీ పీసీ డబ్బా పెడతారు, అందులో కార్డు స్లాటు అసలుండదు. ఈ మూడింటినీ ఒకే పేరుతో పిలుస్తూ, ఆ పేరు మీద తీర్పు చెప్పడం ఎలా కుదురుతుందో నాకు తెలియదు. నిజమైన మినీ ఐటీఎక్స్‌లో ఉన్న ఒక్క స్లాటూ మామూలుగా పదహారు లేన్లదే, అంటే మంచి గ్రాఫిక్స్ కార్డు పడుతుంది. సినిమాలకే అన్నమాట అక్కడే పోయింది. దాని హద్దు వేరే ఉంది. ఆ ఒక్కటీ గ్రాఫిక్స్‌కి ఇచ్చేశాక ఇంకో కార్డుకి చోటుండదు. పీసీఐ కార్డూ గ్రాఫిక్స్ కార్డూ రెండూ కావాల్సినవాడికి మినీ పనికిరాదు, ఎంత మంచిదైనా.

చివరి ముక్క క్యాబినెట్‌ది. ఏ బోర్డుకి ఆ క్యాబినెట్టే అంటోంది కాగితం. పచ్చి అబద్ధం. బోర్డు వెనక సాకెట్లు బయటికొచ్చే కంత మూడింటికీ ఒకటే. మైక్రో చిల్లులు పెద్ద క్యాబినెట్‌లో కలుస్తాయి, మినీ నాలుగు చిల్లులూ కలుస్తాయి. చిన్న బోర్డు పెద్ద క్యాబినెట్‌లో హాయిగా కూర్చుంటుంది. కుదరనిది తిరగేసిందే, పెద్ద బోర్డు చిన్న క్యాబినెట్‌లో. క్యాబినెట్ ఏదైనా ఒక లెక్క గుర్తుంచుకోవాలి. క్యాబినెట్ వెనక ఏడు సందులున్నా బోర్డు మీద రెండే స్లాట్లుంటే మీకున్నది రెండే. బోర్డు మీద నాలుగుండి క్యాబినెట్ వెనక రెండు సందులుంటే, అప్పుడూ రెండే. ఖాళీ సందులకు రేకులు పెట్టి ఉంచండి. దివిసీమ వైపు, నాగాయలంక, కోడూరు ఊళ్ళల్లో ఉప్పుగాలి సంగతి తెలిసిందే. ఆ సందుల్లోంచి గాలితోపాటు బల్లులూ వస్తాయి. ఎస్‌ఎంపీఎస్ పక్కన మాడిపోయిన బల్లిని నేను తీసింది ఒకటి రెండుసార్లు కాదు.

చిన్న బోర్డుని పెద్ద క్యాబినెట్‌లో పెట్టేటప్పుడు చేసే ఒక పొరపాటు వల్లే "పట్టదు" అన్న మాట పుట్టి ఉంటుందని నా అనుమానం. క్యాబినెట్ రేకుకి, బోర్డుకి మధ్య ఇత్తడి స్టడ్డులు ఉంటాయి. ఫుల్ సైజు బోర్డు తీసేసి అదే చోట మైక్రో పెట్టినప్పుడు, పాత స్టడ్డు ఒకటి చిల్లు లేని చోట బోర్డు కిందే ఉండిపోతుంది. దాని తల బోర్డు అడుగున ఉన్న టంకానికి తగిలి షార్టవుతుంది. స్విచ్ నొక్కితే ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగుతుంది. షాపువాడు చూసి "సైజు సెట్ కాలేదండీ" అంటాడు. అనుమానముంటే బోర్డు బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి వెలిగించండి. అక్కడ లేచి క్యాబినెట్‌లో లేవకపోతే మిగిలిన స్టడ్డే దొంగ. బోర్డుకి ఎన్ని చిల్లులో అన్నే స్టడ్డులు, ఒక్కటి కూడా ఎక్కువ ఉండకూడదు.

క్యాబినెట్ విషయంలో గోడ కాగితం చెప్పాల్సింది వేరే ఉంది, అది చెప్పలేదు. స్లిమ్ క్యాబినెట్ల సంగతి. అవనిగడ్డలో ఒక ఫొటో స్టూడియోవాళ్ళు ఆఫీసులు వాడి తీసేసిన సన్నటి కంప్యూటర్ కొన్నారు. లోపల మైక్రోకి దగ్గరి కొలత బోర్డు, స్లాట్లున్నాయి. గ్రాఫిక్స్ కార్డు తెచ్చి పెట్టబోతే తలుపు మూతపడదు. మామూలు కార్డు ఇనుప పట్టీ 120 మిల్లీమీటర్ల ఎత్తు, ఆ పెట్టెలో పట్టేది 79 దగ్గర. స్లాటు రకం సరిపోయింది, బోర్డు సరిపోయింది, ఎత్తు సరిపోలేదు. వాళ్ళు లో ప్రొఫైల్ కార్డు తెచ్చుకోవాలి, దాని డబ్బాలో పొట్టి పట్టీ విడిగా వస్తుందో లేదో చూసుకోవాలి. అదే సన్నటి కంప్యూటర్లో బోర్డు పోతే ఇంకో చిక్కు. కంపెనీలు సొంతంగా కట్టే ఆ పెట్టెల్లో చిల్లులు, కరెంటు ప్లగ్గు, ముందువైపు స్విచ్ తీగలు వాటి పద్ధతిలో ఉంటాయి. బజారులో దొరికే మైక్రో బోర్డు వాటిల్లో చాలాసార్లు కూర్చోదు. ఏ బోర్డుకి ఆ క్యాబినెట్టే అన్నమాట నిజమయ్యేది ఒక్క అక్కడే. కాగితం రాసినాయన ఆ ఒక్క పెట్టెని చూసి ఊరందరికీ సూత్రం రాసినట్టున్నాడు.

ఇంకో చిన్న సంగతి. ఫుల్ సైజు బోర్డు మీద పొడుగు స్లాట్లు మూడు కనబడితే మూడూ ఒకటే అనుకోకండి. చవక బోర్డుల్లో పైనున్న ఒక్కదానికే పదహారు లేన్లూ ఉంటాయి. మిగతావాటికి లోపల నాలుగో, ఒకటో. పొడుగు ప్లాస్టిక్‌ది, పని లోపలి తీగలది. పైగా ఈనాటి గ్రాఫిక్స్ కార్డులు చాలావరకు రెండు సందుల మందం. పైదాంట్లో గుచ్చితే కిందది మూసుకుపోతుంది. నాలుగు చోట్లున్న మైక్రోలో ఇది తెలిసొస్తుంది. రెండో చోట చిన్న స్లాటు ఇచ్చిన మోడల్ కొంటే అది కార్డు కింద కనబడకుండా పోతుంది, మూడో చోటో నాలుగో చోటో ఇచ్చిన మోడల్ అయితే దక్కుతుంది. ఒకే సైజు, ఒకే ధర, రెండు రకాల పని.

గుడివాడ, బందరు, అవనిగడ్డ షాపులవాళ్ళకి నా మనవి ఒక్కటే. ఆ కాగితం దించేయండి. ఉంచాలనిపిస్తే నాలుగు ముక్కలూ కొట్టేసి, "మీ పాత కార్డు, క్యాబినెట్ ఫొటో వెంట తెచ్చుకోండి, బిల్లు రాయకముందే గుచ్చి చూపిస్తాం" అని రాయండి. కొనేవాళ్ళకి: అలా గుచ్చి చూపించని షాపులో బోర్డు కొనకండి.